ఆన్‌లైన్‌లో అమ్మిన డబ్బు ఖాతాలో ఎప్పుడు, ఎంత పడుతుంది: సెటిల్‌మెంట్ లెక్క చూసుకునే పద్ధతి

శుక్రవారం నుంచి ఆదివారం దాకా పదహారున్నర వేల బేరం జరిగింది. మంగళవారం బ్యాంకులో పడింది మాత్రం పద్నాలుగు వేల యాభై రెండు రూపాయలు. మిగతాది ఏమైంది?

చిన్న ఆన్‌లైన్ దుకాణాల లెక్కలు చూసే నాకు వారానికి రెండు మూడు సార్లయినా ఈ ప్రశ్న వస్తుంది. ఊరు మారుతుంది, సరుకు మారుతుంది, ప్రశ్న మాత్రం అదే. చాలాసార్లు డబ్బు ఎక్కడికీ పోయి ఉండదు. అమ్మినవాళ్లు ఒక్కో ఆర్డరు డబ్బు విడివిడిగా వస్తుందనుకుంటారు, కస్టమర్ల డబ్బు మీ తరఫున తీసుకునే పేమెంట్ గేట్‌వే కంపెనీ మాత్రం అన్నీ కలిపి మూట కట్టి పంపిస్తుంది. తేడా అక్కడే వస్తుంది. ఆ మూట విప్పి లెక్క సరిచూసుకోవడమే ఈ వ్యాసం.

ఇది సొంత వెబ్‌సైటు పెట్టుకుని, పేమెంట్ గేట్‌వే ద్వారా డబ్బు తీసుకునేవారి కోసం. పెద్ద మార్కెట్‌ప్లేసుల్లో అమ్మేవారి లెక్కలో కమీషను, రవాణా ఖర్చు, పన్ను కోతలు అదనంగా ఉంటాయి. వాటి జోలికి ఇక్కడ వెళ్లను.

## 1. డబ్బు నడిచే దారి

కస్టమరు కార్డు మీద ₹4,500 కట్టాడనుకోండి. అతని ఫోనుకు డబ్బు పోయినట్టు మెసేజ్ వస్తుంది, మీ ఫోనుకు ఆర్డరు వచ్చినట్టు మెసేజ్ వస్తుంది. రెండూ ఒకే నిమిషంలో వస్తాయి కాబట్టి డబ్బు కూడా అదే నిమిషంలో మీ వైపు వచ్చేసిందనిపిస్తుంది. రాలేదు.

ఆ నిమిషంలో జరిగింది ఒక్కటే. కస్టమరు బ్యాంకు ‘సరే, ఈ మొత్తం ఇస్తాను’ అని మాట ఇచ్చింది. అసలు డబ్బు ఆ తర్వాత కార్డు నెట్‌వర్కు ద్వారా ఆ బ్యాంకు నుంచి గేట్‌వే తరఫున పనిచేసే బ్యాంకుకు చేరాలి. అక్కడ అది ఎస్క్రో ఖాతాలో పడుతుంది. అమ్మకందారుల డబ్బును గేట్‌వే కంపెనీ తన సొంత ఖర్చుల డబ్బుతో కలపకుండా ఇలా విడి ఖాతాలో పెట్టాలని 2020 మార్చిలో రిజర్వ్ బ్యాంకు ఇలాంటి కంపెనీలకు, అంటే పేమెంట్ అగ్రిగేటర్లకు, నిబంధన పెట్టింది.

ఎస్క్రోలోకి వచ్చిన డబ్బులోంచి గేట్‌వే తన ఫీజు, దాని మీద జీఎస్టీ, మీరు ఇచ్చిన రిఫండ్లు తీసేస్తుంది. మిగిలిన మొత్తాన్ని నెఫ్ట్ లాంటి మార్గంలో మీ ఖాతాకు పంపుతుంది. ఈ చివరి అడుగునే సెటిల్‌మెంట్ అంటారు. మీ బ్యాంకు స్టేట్‌మెంట్‌లో కనబడేది ఇదొక్కటే, అంతకుముందు జరిగినవేవీ అందులో కనబడవు.

యూపీఐలో కస్టమరు ఖాతాలోంచి డబ్బు వెంటనే తగ్గుతుంది. అయినా గేట్‌వే ద్వారా వచ్చిన యూపీఐ డబ్బు కూడా ఇదే ఎస్క్రో దారిలో, ఇదే మూటలో వస్తుంది. కౌంటరు మీద మీ బ్యాంకు ఖాతాకే కట్టిన క్యూఆర్ కోడ్‌లో డబ్బు క్షణాల్లో పడటం చూసి, వెబ్‌సైటులోనూ అలాగే పడాలని వాదించేవారు ఉన్నారు. రెండింటి దారులు వేరు.

## 2. మొదటి అమ్మకానికి ముందే సరిచూసుకోవాల్సినవి

కొత్త దుకాణాలకు మొదటి సెటిల్‌మెంట్ ఆగిపోవడానికి నేను ఎక్కువగా చూసిన కారణం పేరు తేడా. పాన్ కార్డులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, బ్యాంకు ఖాతాలో ఒక్క అక్షరమే ఉంటుంది. లేదా పాన్ భార్య పేరు మీద, ఖాతా భర్త పేరు మీద ఉంటాయి. గేట్‌వే మీ ఖాతాకు ఒక్క రూపాయి పంపి, ఖాతాదారు పేరుగా బ్యాంకు ఏం చెబుతోందో చూస్తుంది. అది మీరిచ్చిన పేరుతో కలవకపోతే ఖాతా ఆమోదం పొందదు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. కొన్ని గేట్‌వేలు పత్రాల పరిశీలన పూర్తికాకముందే కస్టమర్ల నుంచి డబ్బు తీసుకోనిస్తాయి, సెటిల్‌మెంట్ మాత్రం ఆపి ఉంచుతాయి. అమ్మకాలు జరుగుతూనే ఉంటాయి, ఖాతాలో ఒక్క రూపాయీ పడదు. పండగ ముందు వెబ్‌సైటు తెరిచి, నేతగాళ్లకు డబ్బు కట్టలేక ఇబ్బంది పడినవాళ్లు నాకు తెలుసు.

అందుకే ప్రచారం మొదలుపెట్టకముందే ఇవి చూసుకోండి:

- పాన్, బ్యాంకు ఖాతా, జీఎస్టీ నమోదు ఉంటే అది, అన్నింటిలో పేరు ఒకేలా ఉందా
- దుకాణం పేరు మీద కరెంటు ఖాతా ఉంటే దాని ఐఎఫ్ఎస్‌సీ 11 అక్షరాలూ సరిగా కొట్టారా (విలీనమైన బ్యాంకుల పాత కోడ్‌లు ఇంకా చెక్కుబుక్కుల మీద కనబడుతుంటాయి)
- వెబ్‌సైటులో ధరలు, చిరునామా, ఫోను నంబరు, రిఫండ్ నిబంధనలు స్పష్టంగా ఉన్నాయా. పరిశీలనలో వీటిని చూస్తారు
- డాష్‌బోర్డులో సెటిల్‌మెంట్ స్థితి ఆమోదం పొందినట్టు చూపుతోందా
- ఒప్పందంలో ఎన్ని రోజుల చక్రం అని రాశారు, ఏ రకం చెల్లింపుకు ఎంత ఫీజు

చివరిది చదవకుండా సంతకం చేసేవాళ్లే ఎక్కువ. యూపీఐకి, రూపే డెబిట్ కార్డుకు 2020 జనవరి 1 నుంచి వ్యాపారి మీద ఎండీఆర్, అంటే ప్రతి చెల్లింపు మీద వ్యాపారి దగ్గర కోసుకునే శాతం, లేదు. అంతమాత్రాన గేట్‌వే ఏమీ తీసుకోదని కాదు, వేదిక వాడుకున్నందుకు అని వేరే పేరుతో ఫీజు ఉండొచ్చు. మీ ఒప్పందంలో ఏముందో అదే లెక్క.

ఇంకొక చిన్న పని: మీరే మీ సైటులో నూరు రూపాయల వస్తువు కొనండి. అది ఖాతాలో పడేదాకా ఆగండి. ఎన్ని రోజులు పట్టింది, ఎంత కోత పడింది, స్టేట్‌మెంట్‌లో ఏ పేరుతో కనబడింది, మూడూ రాసిపెట్టుకోండి. గేట్‌వే పేరు స్టేట్‌మెంట్‌లో మీకు తెలిసిన పేరుతోనే ఉండాలని లేదు.

## 3. ఆర్డరు వచ్చాక: Authorized కాదు, Captured

డాష్‌బోర్డులో ప్రతి చెల్లింపు పక్కన ఒక స్థితి ఉంటుంది. అందులో రెండు పదాలు వేరుచేసి చూడటం నేర్చుకుంటే సగం గొడవలు తగ్గుతాయి.

Authorized అంటే కస్టమరు బ్యాంకు మాట ఇచ్చింది. Captured అంటే ‘ఆ డబ్బు నాకు కావాలి’ అని మీ తరఫున గేట్‌వే అడిగింది. సెటిల్‌మెంట్ గడియారం రెండోదాని నుంచే మొదలవుతుంది.

చాలా వెబ్‌సైటుల్లో రెండూ వెంటవెంటనే వాటంతటవే జరిగేలా పెట్టి ఉంటారు. కానీ సైటు చేసినవాళ్లు ఆ అమరిక మరచిపోతే ప్రతి చెల్లింపూ Authorized దగ్గరే ఆగిపోతుంది. గేట్‌వే పెట్టిన గడువులోపు మీరు కాప్చర్ చేయకపోతే ఆ డబ్బు కస్టమరుకే తిరిగి వెళ్లిపోతుంది. అప్పటికే మీరు పార్శిల్ పంపేసి ఉంటే సరుకూ పోయింది, డబ్బూ పోయింది. నేను చూసిన ఒక ఊరగాయల దుకాణంలో పదకొండు ఆర్డర్లు ఇలా వెళ్లాయి. కస్టమర్లలో సగం మంది ఫోను చేస్తే మళ్లీ కట్టారు, మిగతావాళ్లు ఎత్తలేదు.

ఇంకో రకం ఇబ్బంది ఎదురుగా వస్తుంది. కస్టమరు ‘డబ్బు కట్ అయింది’ అని స్క్రీన్‌షాట్ పంపుతాడు, మీ డాష్‌బోర్డులో Failed అని ఉంటుంది. అతను అబద్ధం చెప్పడం లేదు. అతని ఖాతాలో డబ్బు తగ్గింది, ఆ సమాచారం మీ వైపు చేరలేదు. యూపీఐలో, ఆన్‌లైన్ కార్డు చెల్లింపులో ఇలా జరిగితే చెల్లింపు రోజు తర్వాత 5 రోజుల్లోపు డబ్బు దానంతటదే వెనక్కి వెళ్లాలనీ, అంతకంటే ఆలస్యమైతే రోజుకు ₹100 చొప్పున కస్టమరుకు ఇవ్వాలనీ 2019 సెప్టెంబరులో రిజర్వ్ బ్యాంకు చెప్పింది. ఆ పరిహారం బ్యాంకుల వైపు నుంచి రావాల్సింది, మీరు ఇవ్వాల్సింది కాదు.

కాబట్టి క్రమం ఇది:

1. స్క్రీన్‌షాట్ చూసి సరుకు పంపకండి. అది అతని బ్యాంకు చెప్పిన మాట, మీ బ్యాంకు చెప్పింది కాదు.
2. యూపీఐ అయితే ఆ చెల్లింపుకు ఉండే 12 అంకెల లావాదేవీ నంబరు, ఆర్ఆర్ఎన్, అడిగి డాష్‌బోర్డులో వెతకండి.
3. అరగంట తర్వాత మళ్లీ చూడండి. కొన్నిసార్లు ఆలస్యంగా స్థితి మారుతుంది.
4. మారితే, సరుకు పంపడమో రిఫండ్ చేయడమో ఏదో ఒకటే చేయండి. ఈలోపు అదే కస్టమరు రెండోసారి కట్టి ఉంటే ముందుగా ఆ సంగతి చూడండి.
5. మారకపోతే కస్టమరుకు పై గడువు చెప్పి, తన బ్యాంకును అడగమనండి.

## 4. తేదీ లెక్క: పనిదినాలు ఎలా ఎంచాలి

ఒప్పందంలో T+2 అని ఉంటే T అంటే చెల్లింపు కాప్చర్ అయిన రోజు. దాని తర్వాత రెండు పనిదినాలకు డబ్బు వస్తుంది. మన దేశంలోని చెల్లింపులకు T+1, T+2 ఎక్కువగా కనబడతాయి. విదేశీ కార్డులకు ఇంకా ఎక్కువ రోజులు పడుతుంది, ఫీజు కూడా ఎక్కువే. డాలస్ నుంచో మెల్‌బోర్న్ నుంచో బంధువులు చీర కొంటే ఆ డబ్బు మన కార్డుల డబ్బుతో పాటు వస్తుందనుకోవద్దు.

నెఫ్ట్ 2019 డిసెంబరు 16 నుంచి రోజంతా, సెలవుల్లోనూ నడుస్తోంది కదా, మరి ఆదివారం ఎందుకు పంపరు అని అడుగుతారు. నెఫ్ట్ నడుస్తుంది నిజమే. గేట్‌వేకు డబ్బు రావాల్సిన కార్డు, బ్యాంకుల లెక్కల చక్రాలన్నీ అలా నడవవు. చేతికి రాని డబ్బును పంపలేరు కాబట్టి పనిదినాలే ఎంచుతారు.

2025 ఆగస్టు 8 వరలక్ష్మీ వ్రతం, శుక్రవారం. ఆ రోజు జరిగిన అమ్మకాన్ని T+2 ప్రకారం ఎంచి చూద్దాం. 9వ తేదీ రెండో శనివారం, బ్యాంకులకు సెలవు. 10 ఆదివారం. 11 సోమవారం ఒకటి, 12 మంగళవారం రెండు. శుక్రవారం డబ్బు మంగళవారం వస్తుంది.

శనివారం, ఆదివారం జరిగిన అమ్మకాలకు కూడా మొదటి పనిదినం సోమవారమే, రెండోది మంగళవారమే. అంటే మూడు రోజుల డబ్బు ఒకే మూటగా ఒకే రోజు పడుతుంది. వారాంతం తర్వాత లెక్క కలవట్లేదని వచ్చే ఫోన్లలో ఎక్కువ భాగం దీనివల్లే. శుక్రవారం ఒక్కదానితో పోల్చి చూస్తారు.

సెలవులు ఎంచేటప్పుడు మీ ఊరి సెలవులు కాదు, గేట్‌వే పెట్టుకున్న సెలవుల జాబితా లెక్క. అది డాష్‌బోర్డులో దొరక్కపోతే వాళ్ల సహాయ విభాగాన్ని ఒక్కసారి అడిగి తెప్పించుకుని గోడకు అంటించండి.

## 5. మూట విప్పడం: ఒక లెక్క మొదటి నుంచి చివరిదాకా

మొదట చెప్పిన పదహారున్నర వేల లెక్క ఇదే వారానిది అనుకుందాం. మంగళగిరిలో చేనేత చీరలు అమ్మే దుకాణం. ఒప్పందం T+2. యూపీఐకి ఫీజు లేదు, క్రెడిట్ కార్డుకు 2 శాతం, ఫీజు మీద 18 శాతం జీఎస్టీ.

- శుక్రవారం, యూపీఐ, ₹3,200. కోత లేదు. చేరేది ₹3,200.00
- శుక్రవారం, కార్డు, ₹4,500. ఫీజు ₹90, జీఎస్టీ ₹16.20. చేరేది ₹4,393.80
- శనివారం, యూపీఐ, ₹2,800. కోత లేదు. చేరేది ₹2,800.00
- ఆదివారం, కార్డు, ₹6,000. ఫీజు ₹120, జీఎస్టీ ₹21.60. చేరేది ₹5,858.40

అమ్మకం మొత్తం ₹16,500. ఫీజు, జీఎస్టీ కలిపి ₹247.80. చేరాల్సింది ₹16,252.20. బ్యాంకులో పడింది ₹14,052.20. ఇంకా ₹2,200 తేడా ఉంది.

ఆ ₹2,200 సోమవారం ఇచ్చిన రిఫండ్. జులై చివరలో కార్డు మీద కొన్న చీర రంగు నచ్చలేదని ఒకావిడ వెనక్కి పంపింది. దాని డబ్బు ఎప్పుడో పాత మూటలో వచ్చేసింది. రిఫండ్ మాత్రం ఇవాళ్టి మూటలోంచి పోయింది. పాత అమ్మకం, కొత్త కోత. ఈ రెంటికీ తేదీ కలవదు కాబట్టే ఎంత చూసినా అంతు చిక్కదు.

ఇంకొక చిన్న నష్టం ఇందులో దాగి ఉంది. ఆ ₹2,200 చీర అమ్మినప్పుడు ఫీజు ₹44, జీఎస్టీ ₹7.92 కోసుకున్నారు. ఈ దుకాణం ఒప్పందంలో రిఫండ్ ఇచ్చినా ఫీజు వెనక్కి రాదు. అంటే ఆ చీర తిరిగొచ్చినందుకు ₹51.92 చేతి నుంచి పడింది, రానూ పోనూ కొరియరు ఖర్చు వేరే. రిఫండ్ నిబంధనలు రాసుకునేటప్పుడు ఈ అంకె తెలిసి ఉండాలి.

## 6. షీటులో సరిచూసే పద్ధతి

నాలుగు ఆర్డర్లకు చేత్తో చేయొచ్చు. నలభైకి కుదరదు. డాష్‌బోర్డు నుంచి సెటిల్‌మెంట్ రిపోర్టు దింపుకోండి. పేమెంట్ల రిపోర్టు కాదు. పేమెంట్ల రిపోర్టులో అమ్మకం తేదీ ఉంటుంది, ఏ వరుస ఏ మూటలో వెళ్లిందో ఉండదు.

సెటిల్‌మెంట్ రిపోర్టులో ప్రతి వరుసకూ మూట నంబరు ఒకటి ఉంటుంది. చాలాచోట్ల ఆ నిలువు వరుస పేరు `settlement_id`. అమ్మకాలు `credit` కింద, రిఫండ్లు `debit` కింద వస్తాయి. debit నిలువు వరుస C అనీ, credit D అనీ, మూట నంబరు E అనీ అనుకుందాం. J1 గడిలో మీరు చూడదలచిన మూట నంబరు వేసి, పక్క గడిలో ఇది కొట్టండి:

```
=SUMIF(E:E,J1,D:D)-SUMIF(E:E,J1,C:C)
```

వచ్చిన అంకె బ్యాంకులో పడిన అంకెతో పైసాతో సహా కలవాలి. పై ఉదాహరణలో 14052.20 రావాలి. కొంచెం అటూ ఇటూ ఫర్వాలేదనుకోవద్దు. ఇక్కడ పది పైసల తేడా వచ్చినా ఏదో ఒక వరుస తప్పిపోయిందనే అర్థం.

కలవకపోతే ముందు చూడాల్సింది ఫీజు. `fee`, `tax` అని రెండు నిలువు వరుసలు ఉంటాయి. కొన్ని గేట్‌వేల రిపోర్టుల్లో `fee` అంకెలో జీఎస్టీ కూడా కలిసే ఉంటుంది, `tax` అనేది అందులో జీఎస్టీ ఎంతో విడిగా చూపడానికి మాత్రమే. రెండూ తీసేస్తే జీఎస్టీ రెండుసార్లు పోయినట్టవుతుంది. ఒక కార్డు అమ్మకం తీసుకుని చూస్తే తేలిపోతుంది. ₹4,500 మీద `fee` 106.20 ఉంటే జీఎస్టీ కలిసి ఉంది, 90 ఉంటే విడిగా ఉంది. అలాగే `credit` కింద 4500 ఉందా, 4393.80 ఉందా అన్నది కూడా చూడండి. పై సూత్రం రెండోదానికే సరిపోతుంది. మొదటి రకమైతే ఫీజు కూడా తీసేయాలి.

బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఏ ఎంట్రీ ఏ మూటదో యూటీఆర్, అంటే ప్రతి బ్యాంకు బదిలీకీ విడిగా ఉండే నంబరు, చెబుతుంది. నెఫ్ట్ యూటీఆర్‌లో 16 అక్షరాలు ఉంటాయి. రిపోర్టులోని యూటీఆర్, స్టేట్‌మెంట్‌లోని యూటీఆర్ కలిస్తే మూట చేరినట్టే. మొత్తాన్ని బట్టి ఎంట్రీలు కలపబోతే, ఒకే ధర వస్తువులు అమ్మేవాళ్లకు రెండు రోజుల మూటలు ఒకే అంకెతో వచ్చి తికమక పెడతాయి.

ఇది వారానికి ఒకసారి, ఒకే రోజు చేయండి. నా చేత లెక్కలు చూపించుకునేవాళ్లకు బుధవారం చెబుతాను, వారాంతపు మూట అప్పటికి పడిపోయి ఉంటుంది కాబట్టి.

- సెటిల్‌మెంట్ రిపోర్టు దింపారా
- ప్రతి మూట నంబరుకూ సూత్రం అంకె, బ్యాంకు అంకె కలిశాయా
- ప్రతి యూటీఆర్‌కూ స్టేట్‌మెంట్‌లో జోడు దొరికిందా
- సరుకు పంపిన ప్రతి ఆర్డరూ ఏదో ఒక మూటలో ఉందా
- ఇంకా Authorized దగ్గరే ఉన్నవి ఏమైనా మిగిలాయా

నాలుగోది వదిలేస్తారు. మొదటి మూడూ మీకు వచ్చిన డబ్బు సరిగా వచ్చిందని చెబుతాయి. రావాల్సింది రాకుండా మిగిలిందా అని చెప్పేది నాలుగోదే.

## 7. రిఫండ్లు, చార్జ్‌బ్యాక్‌లు మూటను ఎలా తింటాయి

రిఫండ్ సాధారణంగా మీ బ్యాంకు ఖాతాలోంచి పోదు. గేట్‌వే దగ్గర మీకు ఇంకా పంపని నిల్వలోంచి పోతుంది. పండగ అయిపోయి అమ్మకాలు తగ్గగానే తిరిగొచ్చే సరుకు మొదలవుతుంది. నిల్వ తక్కువ, రిఫండ్లు ఎక్కువ. అప్పుడు రిఫండ్ నొక్కినా ‘నిల్వ చాలదు’ అని ఆగిపోతుంది. కస్టమరుకు మీరు ‘పంపేశాం’ అని చెప్పి ఉంటారు, ఆయన వారం తర్వాత కోపంగా ఫోను చేస్తాడు.

పండగ అమ్మకాల తర్వాత పది రోజులు రోజూ రిఫండ్ల స్థితి చూడండి. ఆగినవి ఉంటే గేట్‌వే నిల్వలోకి డబ్బు జమ చేసే అవకాశం డాష్‌బోర్డులో ఉంటుంది. కార్డు రిఫండ్ వెళ్లాక ఏఆర్ఎన్ అనే నంబరు వస్తుంది. కస్టమరుకు అది పంపితే తన బ్యాంకులో అడిగి తెలుసుకోగలడు.

చార్జ్‌బ్యాక్ వేరు. కస్టమరు మిమ్మల్ని అడగకుండా నేరుగా తన కార్డు బ్యాంకుకు ఫిర్యాదు చేస్తాడు. ‘సరుకు అందలేదు’ అనో, ‘ఈ కొనుగోలు నేను చేయలేదు’ అనో. కార్డు చెల్లింపుల్లో ఇందుకు సాధారణంగా 120 రోజుల దాకా వీలుంటుంది. ఫిర్యాదు వచ్చిన వెంటనే గేట్‌వే ఆ మొత్తాన్ని మీ మూటలోంచి ఆపొచ్చు. మీకు జవాబివ్వడానికి దొరికేది కొద్ది రోజులే. ఆ మెయిల్ స్పామ్‌లో పడి, చూసుకునేసరికి గడువు దాటిపోయిన కేసులే ఎక్కువ.

గెలిచేది కాగితం ఉన్నవాళ్లే. బిల్లు, కొరియరు ట్రాకింగ్ నంబరు, అందినట్టు సంతకమో ఓటీపీయో, కస్టమరుతో మాట్లాడిన మెసేజ్‌లు. ఇవి ఆర్డరు నంబరు పేరుతో ఒక ఫోల్డరులో కనీసం ఆరు నెలలు ఉంచండి. కొరియరు సైటులో పాత ట్రాకింగ్ వివరాలు కొంతకాలానికి కనబడవు కాబట్టి, అందిన రోజే ఆ పేజీ దింపి పెట్టుకోవాలి.

## 8. రావాల్సిన రోజు దాటినా రాకపోతే

ముందు బ్యాంకుకు పరుగెత్తకండి. ఎక్కడ ఆగిందో తేలితేగానీ ఎవరిని అడగాలో తెలియదు. ఈ వరుసలో చూడండి.

మూట తయారైందా? డాష్‌బోర్డులో ఆ తేదీకి సెటిల్‌మెంటే కనబడకపోతే డబ్బు గేట్‌వే దగ్గరే ఉంది. సెలవు లెక్క తప్పిందేమో చూడండి. అదీ కాకపోతే ఖాతా మీద ఏదైనా ఆంక్ష పెట్టి ఉంటారు. ఉన్నట్టుండి రోజూ వచ్చేదానికి పది రెట్లు అమ్మకం జరగడం, పత్రాల గడువు తీరడం, చార్జ్‌బ్యాక్‌లు పెరగడం మామూలు కారణాలు. పెద్ద సేల్ పెట్టేముందే గేట్‌వేకు మెయిల్ రాసి చెప్పిపెట్టుకోవడం మంచిది.

మూట తయారైంది, మొత్తం సున్నాయో తక్కువో ఉందా? రిఫండ్లు తినేశాయి. రిపోర్టు తెరిచి `debit` చూడండి.

పంపినట్టు ఉంది, యూటీఆర్ కూడా ఉంది, ఖాతాలో లేదా? నెఫ్ట్ అరగంటకో బ్యాచ్‌గా నడుస్తుంది. బ్యాచ్ తర్వాత రెండు గంటల్లో మీ బ్యాంకు జమ చేయాలి, లేదా వెనక్కి పంపాలి. ఒక పనిదినం దాటితే యూటీఆర్, తేదీ, మొత్తం రాసి మీ బ్యాంకు శాఖకు ఇవ్వండి. ‘గేట్‌వే డబ్బు రాలేదు’ అని చెబితే అక్కడ ఎవరికీ అర్థం కాదు, యూటీఆర్ ఇస్తే వెతకగలరు.

వెనక్కి వెళ్లిందా? ఖాతా స్తంభించినా, మూసేసినా, నంబరు మారినా డబ్బు గేట్‌వేకే తిరిగి వెళుతుంది. ఖాతా వివరాలు సరిచేస్తేగానీ మళ్లీ పంపరు. ఖాతా మార్చినప్పుడు మళ్లీ పేరు సరిచూస్తారు, ఆ రెండు మూడు రోజులు సెటిల్‌మెంట్ ఆగుతుంది. జీతాలు ఇచ్చే వారంలో ఖాతా మార్చకండి.

గేట్‌వే సహాయ విభాగానికి రాసేటప్పుడు మూట నంబరు, యూటీఆర్, మీరు అనుకున్న మొత్తం, వచ్చిన మొత్తం నాలుగూ మొదటి మెయిల్‌లోనే ఇవ్వండి. జవాబు రాకపోతే వాళ్ల వెబ్‌సైటులో నోడల్ అధికారి వివరాలు ఉంటాయి, ఆయనకు రాయండి. తప్పు మీ బ్యాంకుదై, ఫిర్యాదు ఇచ్చిన 30 రోజుల్లో తేల్చకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు cms.rbi.org.in లో పెట్టొచ్చు.

తొందరగా కావాలంటే చాలా గేట్‌వేలు వెంటనే పంపే సదుపాయం ఇస్తాయి, దానికి అదనపు ఫీజు ఉంటుంది. అది పావు శాతం అనుకుంటే పదివేలకు ₹25, జీఎస్టీతో ₹29.50. ఒకసారికి చిన్నదే. రోజూ పదివేల చొప్పున నెలంతా వాడితే ₹885 అవుతుంది. నేతగాడికి శనివారం డబ్బివ్వాల్సినప్పుడు వాడుకోండి, అలవాటు చేసుకోకండి.

## 9. నెలాఖరున పుస్తకంలో రాయడం

బ్యాంకులో పడిన ₹14,052.20 ని అమ్మకంగా రాసేవాళ్లు ఉన్నారు. అది తప్పు. అమ్మకం ₹16,500. గేట్‌వే ఫీజు ₹210 ఖర్చు. ₹37.80 ఆ ఫీజు మీద కట్టిన జీఎస్టీ. ₹2,200 వెనక్కి వచ్చిన సరుకు, దానికి క్రెడిట్ నోటు. ఇలా విడగొట్టి రాస్తేనే చివరికి బ్యాంకు అంకె వస్తుంది.

ఇలా రాయకపోతే రెండు వైపులా దెబ్బ. మీరు చీర మీద కట్టాల్సిన జీఎస్టీ కస్టమరు కట్టిన పూర్తి ధర మీద లెక్కిస్తారు, చేతికి వచ్చినదాని మీద కాదు. తక్కువ చూపితే గేట్‌వే రికార్డులతో పోల్చినప్పుడు నోటీసు రావచ్చు. ఇంకోవైపు, జీఎస్టీలో మామూలు పద్ధతిలో నమోదైనవాళ్లు ఆ ₹37.80 ని ఇన్‌పుట్ క్రెడిట్‌గా, అంటే తాము కట్టాల్సిన జీఎస్టీలోంచి తగ్గించుకునేలా, తీసుకోవచ్చు, నికర మొత్తమే రాసేవాళ్లు దాన్ని వదిలేసుకున్నట్టే. చిన్న వ్యాపారులు అమ్మకం మీద తక్కువ శాతం పన్ను కట్టే కాంపోజిషన్ పద్ధతిలో ఉన్నవాళ్లకు ఆ క్రెడిట్ ఉండదు.

క్రెడిట్ రావాలంటే గేట్‌వే నెలనెలా ఇచ్చే పన్ను ఇన్‌వాయిస్‌లో మీ జీఎస్టీ నంబరు ఉండాలి, మీకు దొరికే క్రెడిట్లను నెలనెలా చూపే జీఎస్టీ పోర్టల్ పత్రం జీఎస్‌టీఆర్-2బీలో అది కనబడాలి. ఖాతా తెరిచినప్పుడు నంబరు ఇవ్వకుండా, నమోదు అయ్యాక చేర్చడం మరచిపోయినవాళ్ల ఇన్‌వాయిస్‌లు నంబరు లేకుండానే వస్తుంటాయి. డాష్‌బోర్డులో ప్రొఫైల్ తెరిచి ఇవాళే ఒకసారి చూడండి.

చివరగా, నెల 30, 31 తేదీల్లో జరిగిన అమ్మకాల డబ్బు వచ్చే నెలలో పడుతుంది. అమ్మకం ఈ నెలదే. పుస్తకంలో ‘గేట్‌వే దగ్గర రావాల్సినది’ అని ఒక ఖాతా తెరిచి అందులో వేయండి. వచ్చే నెల మొదటి మూట పడగానే ఆ ఖాతాలో ఆ మొత్తం తీసేయండి. నెలాఖరు రోజున ఆ ఖాతాలో ఉన్న నిల్వ, డాష్‌బోర్డులో ఇంకా పంపని నిల్వ ఒకటే అయి ఉండాలి. మీరు అమ్మకాలు పూర్తి ధరకు రాస్తే, ఫీజు కోత కూడా లెక్కలోకి తీసుకుని పోల్చండి.